సిగ్నల్ పోయింది, వెనకే బ్యాంకు అలర్ట్‌లు వచ్చాయి: డూప్లికేట్ సిమ్ మోసంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: సిగ్నల్ పోయిందంటే టవర్ ప్రాబ్లమే.

చాలాసార్లు టవరే. గాలివాన వస్తే విజయవాడలో వీధులకు వీధులే సిగ్నల్ లేకుండా పోతాయి. అయితే తేడా కనిపెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. పక్కన ఎవరి దగ్గరైనా మీ కంపెనీ సిమ్మే ఉందేమో చూడండి. వాళ్లకు సిగ్నల్ ఉండి మీకు లేకపోతే ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే మీ సిమ్ తీసి వాళ్ల ఫోన్లో వేయండి. అక్కడ కూడా No service అని చూపిస్తే లోపం ఫోన్‌ది కాదు, టవర్‌ది కాదు, సిమ్‌దే. ఇక వేరే ఫోన్ నుంచి మీ నంబరుకు కాల్ చేయండి. కాల్ ఫార్వర్డింగ్ ఏమీ పెట్టుకోకుండానే అవతల రింగవుతుంటే మీ నంబరు ఇంకొకరి చేతిలో మోగుతోందన్నమాట. స్విచ్చాఫ్ అని వస్తే మాత్రం ధైర్యపడొద్దు, దొంగ కూడా ఫోన్ ఆపేసి ఉండొచ్చు.

అసలు నంబరు ఉండేది సిమ్‌లో కాదు. ఫలానా నంబరు ఫలానా సిమ్‌కి చెందుతుందని కంపెనీ సర్వర్లో ఒక ఎంట్రీ ఉంటుంది. దొంగ మీ నంబరు మీద డూప్లికేట్ సిమ్ తీసి యాక్టివేట్ చేయించగానే ఆ ఎంట్రీ మారి మీ సిమ్ పనికిరాకుండా పోతుంది. ఇంట్లో వైఫై ఉంటే వాట్సాప్, యూట్యూబ్ మామూలుగానే నడుస్తాయి. అందుకే సిగ్నల్ గీతలు పోయిన సంగతి చాలామంది గంటల తరబడి గమనించరు.

అపోహ: డూప్లికేట్ సిమ్ పడిన మరుక్షణమే ఖాతా ఖాళీ. ఇక చేసేదేమీ లేదు.

ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. సిమ్ మార్చిన తర్వాత మొదటి 24 గంటలు ఆ నంబరుకు ఎస్ఎంఎస్‌లు రాకుండా, పోకుండా ఆపాలని టెలికాం శాఖ 2022లో కంపెనీలను ఆదేశించింది. అంటే దొంగ చేతికి సిమ్ వచ్చినా ఎస్ఎంఎస్ ఓటీపీ కోసం ఒక రోజు ఆగాలి. ఆ రోజు మీకు దొరికిన గడువు.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి ఉన్నారనుకుందాం. బిల్లు పుస్తకం మీద, షాపు బోర్డు మీద ఉండే నంబరే బ్యాంకు నంబరు కూడా. శుక్రవారం సాయంత్రం 6:40కి సిగ్నల్ పోయింది. టవరేమోలే, పొద్దున చూద్దామనుకున్నారు. మర్నాడు రెండో శనివారం, బ్యాంకు లేదు. యార్డు నుంచి ఇంటికొస్తే వైఫై ఉంది, వాట్సాప్ వస్తోంది, పని ఆగలేదు. శనివారం సాయంత్రం 6:40 దాటాక దొంగ సిమ్‌కు ఎస్ఎంఎస్‌లు మొదలవుతాయి. నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అంతకు ముందే కేవైసీ అప్‌డేట్ పేరిట వచ్చిన దొంగ లింకులో వ్యాపారే కొట్టి ఉంటారు. ఇప్పుడు దొంగకు కావాల్సింది ఓటీపీ ఒక్కటే.

ఈ దశలో మొదటి అలర్ట్ డబ్బు పోయిందని రాదు. పాస్‌వర్డ్ మారిందనో, కొత్త బెనిఫిషియరీని చేర్చారనో వస్తుంది. కొత్త బెనిఫిషియరీకి పంపే మొత్తం మీద చాలా బ్యాంకులు కొన్ని గంటలపాటు పరిమితి పెడతాయి కాబట్టి ఆ తర్వాత డెబిట్లు ముక్కలు ముక్కలుగా పడతాయి. ఎస్ఎంఎస్‌లన్నీ దొంగకే పోతాయి. మీకు మిగిలేది ఈమెయిల్, బ్యాంకు యాప్ నోటిఫికేషన్. ఖాతాకు ఈమెయిల్ జత చేసుకోనివాళ్లకు అదీ ఉండదు. మన వ్యాపారి శుక్రవారం రాత్రే భార్య ఫోన్ నుంచి బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించి ఉంటే శనివారం వచ్చిన ఓటీపీతో దొంగ చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు.

ఇక్కడొక మెలిక ఉంది. ఆపేది ఎస్ఎంఎస్‌లను మాత్రమే, కాల్స్‌ను కాదు. కాల్ చేసి ఓటీపీ చదివి వినిపించే సర్వీసులు, 'ఈ లావాదేవీ మీదేనా' అని బ్యాంకు చేసే ఫోన్, రెండూ మొదటి రోజు నుంచే దొంగకు చేరతాయి.

అపోహ: నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదు కాబట్టి నా సిమ్ ఎవరూ మార్చలేరు.

సిమ్ మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మీ ఆధార్ జిరాక్స్ మీద ఫొటో మార్చి, సిమ్ పోయిందని చెప్పి స్టోర్‌లో డూప్లికేట్ తీయడం. దీనికి కౌంటర్ దగ్గర నిర్లక్ష్యమో, లోపలివాళ్ల సాయమో ఉండాలి. రెండోది మీ చేతులతోనే చేయిస్తారు. కస్టమర్ కేర్ నుంచి అంటూ ఫోన్ వస్తుంది. '4జీ సిమ్ ఆగిపోతుంది సార్, ఈ మెసేజ్‌ని కంపెనీ నంబరుకే పంపండి' అంటారు. నంబరు నిజంగా కంపెనీదే కాబట్టి అనుమానం రాదు. ఆ మెసేజ్‌లో ఉండేది దొంగ దగ్గరున్న ఖాళీ సిమ్ వెనక అచ్చయిన పొడవాటి నంబరు, లేదా ఈ-సిమ్ కోసం వాడి ఈమెయిల్ ఐడీ. ఒప్పుకుంటే 1 నొక్కండని కంపెనీ అడుగుతుంది, మీరు నొక్కుతారు. కంపెనీ లెక్కలో సిమ్ మార్చమని అడిగింది మీరే. మీరు అడగకుండా సిమ్ మార్పు మెసేజ్ వస్తే, అది సిగ్నల్ పోకముందు మీ చేతికందే చివరి హెచ్చరిక. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి రద్దు చేయించండి.

అపోహ: సిమ్‌కి పిన్ లాక్ పెట్టుకున్నాను.

ఆ పిన్ మీ పాత సిమ్‌కే. ఎవరైనా దాన్ని దొంగిలించి వేరే ఫోన్లో వేస్తే అడ్డుకుంటుంది. కొత్త సిమ్‌కు అది వర్తించదు.

అపోహ: ముందు కొత్త సిమ్ తెచ్చుకుంటే మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

మీరు తెచ్చుకునే సిమ్‌కు కూడా అదే 24 గంటల రూలు. కొత్తది వేసుకున్నా ఓటీపీ రాదు, యాప్‌లో లాగిన్ కాలేరు. అందుకని ముందు బ్యాంకు. ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా కస్టమర్ కేర్‌కు చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డులు ఆపించి, కంప్లయింట్ నంబరు రాసుకోండి. అప్పటికే డెబిట్ పడి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, ట్రాన్సాక్షన్ ఐడీ అడుగుతారు. ఆ డబ్బు చేరిన ఖాతాను ఆపించే ప్రయత్నం అక్కడి నుంచే మొదలవుతుంది. దొంగలు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు నిమిషాల్లో తోసేస్తారు కాబట్టి స్టేషన్‌కు వెళ్లాక చేద్దామనుకోవద్దు. cybercrime.gov.in లో ఫిర్యాదు ఆ తర్వాత పెట్టొచ్చు.

బ్యాంకు పని అయ్యాక సిమ్ కంపెనీ స్టోర్‌కు వెళ్లండి. అక్కడ సిమ్ ఇచ్చేయమనడంతో ఆగకండి. డూప్లికేట్ ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ స్టోర్‌లో, ఏ పత్రాలతో ఇచ్చారో చెప్పాలని రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. తప్పు ఎవరిదో తేల్చే కాగితం ఇదే.

అపోహ: పోయిన డబ్బుకు బ్యాంకుకు సంబంధం లేదు.

ఆర్‌బీఐ 2017 జులై 6 సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంకుదీ కాక, మీదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగినప్పుడు, అలర్ట్ అందిన మూడు పని దినాల్లో చెబితే మీ నష్టం సున్నా. అలర్ట్ వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే ఖాతా రకాన్ని బట్టి కొంత మీరు భరించాలి. పాస్‌వర్డ్ మీరే దొంగ లింకులో కొట్టారని తేలితే ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ మీదే పడుతుంది, చేశాక పోయింది బ్యాంకు మీద. తప్పు ఖాతాదారుడిదని చూపించాల్సిన భారం మాత్రం బ్యాంకుదే. కస్టమర్ కేర్ కాల్‌తో సరిపెట్టకుండా హోమ్ బ్రాంచికి లేఖ ఇచ్చి, కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. డూప్లికేట్ ఇవ్వడంలో సిమ్ కంపెనీ తప్పు తేలితే ఐటీ చట్టం సెక్షన్ 46 కింద రాష్ట్ర అడ్జుడికేటింగ్ అధికారి దగ్గర నష్టపరిహారం అడగవచ్చు. రూ.5 కోట్ల వరకు క్లెయిములు అక్కడే విచారిస్తారు. స్టోర్ నుంచి అడిగిన ఆ వివరాల కాగితం అప్పుడు పనికొస్తుంది.