‘శకి... త’ నుంచి ‘శక్తి’ దాకా

మూడో తరగతి చదివే మా పక్కింటి పాపకు ఒకరోజు ఒక వాక్యం రాసిచ్చాను: ‘అమ్మ సంతకు వెళ్లి పెద్ద గుమ్మడికాయ కొనుక్కొచ్చింది.’ వేలు పెట్టి చదివింది. ‘అ... మ్మ... సం... త... కు...’ చివరిదాకా ఒక్క తప్పు లేదు. అమ్మ ఏమి తెచ్చిందని అడిగితే మాత్రం మళ్లీ కాగితం వైపు చూసింది. ఈసారి నేనే చదివి వినిపించాను: ‘తాతయ్య పొలం నుంచి రెండు దోసకాయలు తెచ్చాడు.’ ప్రశ్న పూర్తి కాకముందే ‘దోసకాయలు, రెండు’ అంది.

పాపకు భాష వచ్చు, అక్షరాలూ వచ్చు. అయినా అర్థం ఎక్కడ జారిపోయింది? అప్పుడే చదివినదాన్ని మనసు కాసేపే నిలుపుకోగలదు. ఒక్కో అక్షరాన్ని గుర్తుపట్టడానికే రెండు మూడు క్షణాలు పడితే, ‘కొనుక్కొచ్చింది’ దగ్గరికి చేరేసరికి గుమ్మడికాయ చెరిగిపోతుంది. అమెరికా పరిశోధకులు డేవిడ్ లబెర్జ్, జే శామ్యూల్స్ 1974లో చెప్పింది ఇదే. మన ధ్యాసకు ఒక హద్దు ఉంది. అక్షరాలను గుర్తుపట్టడం ప్రయత్నం లేకుండా జరిగిపోయేదాకా, అర్థానికి మిగిలే ధ్యాస చాలా తక్కువ.

అందుకే ముందుగా దోసకాయల పరీక్ష చేయాలి. విన్నప్పుడు అర్థమై, చదివినప్పుడు అర్థం కాకపోతే ధారాళత మీద, అంటే తడుముకోకుండా చదవడం మీద పనిచేయాలి. విన్నా అర్థం కాకపోతే కొరత మాటల్లో ఉంది. ఆ పిల్లలకు ఎంత వేగం నేర్పినా ఫలితం ఉండదు. వాళ్లకు కావలసింది కథలు, కబుర్లు.

తెలుగు లిపిలో పిల్లల వేలు ఆగే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘శక్తి’ చూడండి. గుడి కనిపించేది ‘క’ మీద, పలికేది ‘త’ తర్వాత. అందుకే కొత్తగా చదివేవాళ్లు ‘శకి... త’ అంటారు. ఇది అజాగ్రత్త కాదు, కంటికి కనబడిన వరుసనే వాళ్లు నమ్మారు. ముందు కింది వత్తు చూసి, తర్వాత పైనున్న గుర్తు పలకాలని చూపించి, ‘భక్తి, ముక్తి, యుక్తి’ లాంటి మాటలు నాలుగైదు ఒకచోట రాసి చదివిస్తే రెండు మూడు రోజుల్లో పట్టు దొరుకుతుంది.

అసలైన అభ్యాసం తిరగచదవడం. దీన్ని శామ్యూల్స్ 1979లో వివరించాడు. నలభై, యాభై మాటల పేరా తీసుకోండి. పది మాటల్లో ఒకటికి మించి తడబడితే అది కష్టమైన పేరా, ఇంకా తేలికైనది వెతకండి. మొదట పాప ఒక్కతే చదువుతుంది, పట్టిన సమయం రాసుకోండి. తర్వాత మాటల కింద వేలు కదుపుతూ మీరు చదవండి. మూడోసారి ఇద్దరూ కలిసి, నాలుగోసారి మళ్లీ పాప ఒక్కతే. మొదటి, చివరి సమయాలు పక్కపక్కన చూపించండి. మర్నాడు కొత్త పేరా. కొన్నాళ్లకు కొత్త పేరా మొదటి చదువు కూడా తేలికవుతుంది.

ఇందులో రెండు మోసాలున్నాయి. ఒకటి, పేరా కంఠతా వచ్చేయడం. మధ్యలో ఏదో ఒక మాట చూపించి చదవమంటే బయటపడుతుంది. రెండోది, పరుగు. గడియారం చూడగానే కొందరు అర్థం వదిలేసి ఉరుకుతారు. ప్రతిసారీ చివర ఒక ప్రశ్న అడిగితే ఆ పరుగు ఆగుతుంది. నిమిషానికి ఇన్ని మాటలని ఇంగ్లిషు పిల్లలకు వేసిన లెక్కలు మనకు పనికిరావు. ‘వెళ్లలేకపోయాను’ అన్న మన ఒక్క మాటలోని భావానికి వాళ్లకు నాలుగు మాటలు కావాలి. పాప నిన్నటి సమయమే ఇవాళ్టికి కొలత.

వేగం ఒక్కటీ చాలదు, విరుపు కూడా కుదరాలి. ‘రామునితో కపివరుం డిట్లనియె’ అన్నదాన్ని ‘రాముని తోక’ అని విరిచిన కథ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఒక్క అక్షరం మారలేదు, అర్థం మాత్రం పోయింది. పిల్లలకు పెన్సిలుతో గీతలు పెట్టివ్వండి: ‘అమ్మ / సంతకు వెళ్లి / పెద్ద గుమ్మడికాయ / కొనుక్కొచ్చింది.’ గీత దగ్గరే ఊపిరి. వారం తర్వాత ఆ గీతలు పాపనే పెట్టమనండి. ‘పెద్ద’ తర్వాత గీత పెట్టిందంటే ఏది పెద్దదో ఇంకా తోచలేదన్నమాట.

చదువుతూ తప్పు పలికిన ప్రతిసారీ వెంటనే దిద్దకండి. వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి. మా పక్కింటి పాప పదో రోజున ‘హనుమంతుడికి చాలా శకి...’ అని ఆగింది. నేను నోరు మెదపలేదు. పాప వేలు ఒక మాట వెనక్కి జరిగింది. ‘చాలా శక్తి ఉంది’ అని చదివింది. దాన్ని నేను తప్పుల లెక్కలో రాయలేదు. ‘శకి’ అన్న మాట లేదని తనకు చెప్పింది అర్థమే.