మొత్తం కలిసినంత మాత్రాన ఇన్‌పుట్ కలిసినట్టేనా? పర్చేజ్ రిజిస్టర్, GSTR-2B మధ్య అపోహలు - వాస్తవాలు

అపోహ: రిజిస్టర్‌లో పన్ను మొత్తం, 2Bలో మొత్తం ఒకటే ఉంటే ఇక చూడాల్సింది లేదు.

GSTR-2B అంటే మన సప్లయర్లు చూపించిన బిల్లుల నుంచి జీఎస్టీ పోర్టల్ నెలనెలా తయారుచేసే పట్టిక; కొనుగోళ్లపై కట్టిన పన్నుకు మనకు ఎంత ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుందో అది చూపిస్తుంది. ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. అనంతపురంలోని ఒక హార్డ్‌వేర్ షాపు నవంబరు 2025 లెక్కను ఉదాహరణగా తీసుకుందాం. రిజిస్టర్‌లో పన్ను 2,16,000 రూపాయలు, 2Bలోనూ 2,16,000. పైసా తేడా లేదు. అదే లెక్కను పన్నుల వారీగా విడదీస్తే రిజిస్టర్‌లో ఐజీఎస్టీ 60,000, సీజీఎస్టీ 78,000, ఎస్జీఎస్టీ 78,000. 2Bలో మాత్రం ఐజీఎస్టీ 42,000, మిగతావి చెరో 87,000.

ఇక్కడ రెండు తేడాలు ఒకదాన్నొకటి కప్పేశాయి. బళ్లారి నుంచి వచ్చిన లక్ష రూపాయల పైపుల బిల్లు, ఐజీఎస్టీ 18,000, 2Bలోకి రాలేదు. ఆదోని సప్లయర్ సెప్టెంబరులో చూపించడం మరిచిన లక్ష రూపాయల బిల్లును తన అమ్మకాల రిటర్న్ అయిన GSTR-1లో నవంబరుకు చూపించాడు. అందుకే అందులోని 9,000 సీజీఎస్టీ, 9,000 ఎస్జీఎస్టీ ఇప్పుడు వచ్చాయి.

ఆదోని బిల్లుకు ముందుగా సెప్టెంబరు షీటు తీయాలి. అప్పుడు క్రెడిట్ తీసుకోకుండా ఆపి ఉంటే ఇప్పుడు తీసుకోవచ్చు. తీసేసుకుని ఉంటే మళ్లీ తీసుకోకూడదు; అది ఒకే బిల్లుకు రెండుసార్లు క్రెడిట్ అవుతుంది. బళ్లారి బిల్లును మాత్రం మనం పన్ను కట్టే రిటర్న్ అయిన GSTR-3Bలో ఈ నెల కలపకూడదు. 2022 జనవరి 1 నుంచి 2Bలో కనబడని బిల్లుకు క్రెడిట్ లేదు, అంతకుముందున్న 5 శాతం వెసులుబాటు కూడా పోయింది. దాన్ని "2Bలో రాని ఇన్‌పుట్" అని వేరే లెడ్జర్‌లో పెట్టుకోండి.

అపోహ: 2Bలో రాలేదంటే సప్లయర్ ఎగ్గొట్టినట్టే, అతని పేమెంట్ ఆపేయాలి.

ఫోన్ చేసే ముందు పోర్టల్‌లో అతని GSTIN వెతికి, రిటర్న్ నెలకా, మూడు నెలలకా చూడండి. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారి, మొదటి రెండు నెలల బిల్లులను ముందే చూపించే సదుపాయమైన ఐఎఫ్ఎఫ్‌లో బిల్లు ఎక్కించకపోతే, అక్టోబరు-డిసెంబరు బిల్లులన్నీ జనవరి 13 లోపు వేసే GSTR-1లోనే వస్తాయి. అంటే బళ్లారి బిల్లు జనవరి 14న తయారయ్యే డిసెంబరు 2Bలో కనబడుతుంది. అక్కడ తప్పేమీ లేదు, ఆగితే చాలు.

నెలనెలా వేసేవాడై ఉండి కూడా రాకపోతే కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి: మీ GSTIN తప్పు కొట్టి ఉంటాడు, లేదా నంబరే లేని వినియోగదారుడికి అమ్మినట్టు చూపించి ఉంటాడు. రెండూ అతనే సవరించాలి. 2025-26 బిల్లులకు మీరు క్రెడిట్ తీసుకునే గడువు 2026 నవంబరు 30, లేదా మీరు వార్షిక రిటర్న్ వేసే రోజు, ఏది ముందైతే అది. అందుకే ఆ వేరే లెడ్జర్‌ను ప్రతి నెలా తిరగేయాలి. మార్చి దాకా వదిలేస్తే సప్లయర్‌కూ గుర్తుండదు.

అపోహ: బిల్లు నంబరుతో మ్యాచ్ చేస్తే సరిపోతుంది.

మన గుమస్తా 45 అని రాస్తాడు, సప్లయర్ ఎక్కించేది AT/045/25-26. ఎక్సెల్‌కు అవి రెండు వేర్వేరు బిల్లులు. గీతలు, ఖాళీలు తీసేసి GSTINతో కలిపి ఒక తాళంచెవి చేసుకోండి (A లో GSTIN, B లో బిల్లు నంబరు):

```
=A2&"|"&SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(UPPER(B2),"/",""),"-","")," ","")
```

ఇలా చేసినా 45కూ AT0452526కూ పొత్తు కుదరదు. మిగిలినవాటిని GSTIN, పన్ను మొత్తం చూసి, రూపాయి అటూ ఇటూ వదిలి జతచేసి, బిల్లు కాపీతో సరిచూడాలి. ఆ చివరి పని కంటితోనే చేయాలి. ఒకే సప్లయర్ దగ్గర ఒకే ధరకు రెండు లోడ్లు వస్తే పన్ను మొత్తం ఒక్కటే ఉంటుంది, తేదీ చూడకపోతే ఒక బిల్లు ఇంకో బిల్లుకు అంటుకుపోతుంది.

అపోహ: 2Bలో ఉన్నదంతా తీసుకోవచ్చు.

నవంబరు 30న బిల్లయిన సరుకు డిసెంబరు 2న గోడౌన్ చేరితే, 2Bలో నవంబరులో ఉన్నా క్రెడిట్ డిసెంబరుదే. GSTR-3B వేసేముందు, సప్లయర్ల బిల్లులను ఒప్పుకోవడానికో ఆపడానికో పోర్టల్‌లో ఉన్న ఐఎంఎస్‌లో ఆ బిల్లును పెండింగ్‌లో పెట్టండి. 14వ తేదీ దాటాక పెడితే 2Bని మళ్లీ లెక్కించమని నొక్కాలి, లేకపోతే పాత అంకెలే GSTR-3Bలోకి వస్తాయి. రిజెక్ట్ మాత్రం చేయకండి. అది బిల్లు నాది కాదని చెప్పడం.

అపోహ: GSTR-1 వేశాడు, 2Bలో వచ్చింది, ఇక ఆ క్రెడిట్‌కు ఢోకా లేదు.

GSTR-1 బిల్లును చూపిస్తుంది, పన్ను కట్టేది GSTR-3Bలో. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబరు 30 వరకూ సప్లయర్ ఆ కాలపు GSTR-3B వేయకపోతే, మీరు తీసుకున్న క్రెడిట్‌ను నవంబరు 30 లోపు వెనక్కి ఇవ్వాలి. ఆలోపు ఇస్తే వడ్డీ పడదు. తర్వాత అతను వేస్తే మళ్లీ తీసుకోవచ్చు. ఇది 2Bలో చూస్తే తెలియదు. GSTR-2Aలో ప్రతి సప్లయర్ పక్కన అతను GSTR-3B వేశాడో లేదో చూపే గడి ఉంటుంది. అక్టోబరు మొదటి వారంలో దాన్ని దించుకుని, వేయనివాళ్ల బిల్లులు విడిగా తీసిపెట్టుకుంటే, వెనక్కి ఇవ్వాల్సిన మొత్తం తేలడమే కాదు, వాళ్లను అడగడానికి రెండు నెలల సమయం చేతిలో ఉంటుంది.