చెంచా నిలబడే పెరుగు

తిరుపతిలో మా ఇంటికి ఆవు పాలు, ఎనుము పాలు రెండూ వస్తాయి. పోయిన నెల చంద్రగిరి వైపు మేకలు కాసుకునే ఆయన ఇంకో అరలీటరు ఇచ్చాడు. మూడింటినీ విడివిడిగా పొంగించి, గోరువెచ్చగా అయ్యాక ఒక్కో చెంచా తోడేసి పెట్టాను. తెల్లారి ఎనుము పెరుగులో చెంచా నిలబడింది. ఆవు పెరుగు కాస్త వాలింది. మేక పెరుగును గిన్నె వంచితే గరిటె జారుగా పారింది.

వెన్న ఎక్కువుంటే పెరుగు గట్టిగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఎనుము పాలల్లో వెన్న 7 శాతం దాకా, ఆవు పాలల్లో 4 దాకా ఉంటుంది కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ మీగడ తీసేసిన ఎనుము పాలను తోడేసి చూడండి, అవీ గట్టిగానే తోడుకుంటాయి. పెరుగును కట్టి ఉంచేది కేసిన్ అనే ప్రోటీన్. పులుపు పెరిగేకొద్దీ కేసిన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి, నీళ్లు ఆ వలలో చిక్కుతాయి. ఆవు పాలల్లో మొత్తం ప్రోటీన్ 3.3 శాతం చుట్టూ ఉంటే ఎనుము పాలల్లో 4 దాటుతుంది, కాల్షియమూ ఎక్కువే. అందుకే వల చిక్కన. వెన్న ఇచ్చేది నునుపు, కమ్మదనం.

మేక పాలల్లో వెన్న, ప్రోటీన్ దాదాపు ఆవు పాలంతే. అయినా పెరుగు ఎందుకు జారింది? ఆల్ఫా-ఎస్1 అనే రకం కేసిన్ చాలా మేకల పాలల్లో తక్కువ, అందుకే వల బలహీనం.

ఆవు పాలకైతే ఒక ఉపాయం ఉంది. లీటరు పాలను సన్నమంట మీద 800 మిల్లీలీటర్లకు మరగబెడితే ప్రోటీన్ 4 శాతం దాటుతుంది. పైగా బాగా మరిగినప్పుడు నీటిభాగంలోని ప్రోటీన్లు కూడా కేసిన్‌కు అంటుకుని నీళ్లను పట్టి ఉంచుతాయి. అందుకే సరిగా మరగని పాల పెరుగు మీద త్వరగా నీళ్లు తేలుతాయి. మేక పాలకు ఇది కొంతవరకే పనిచేస్తుంది.

కోవా దగ్గరికొస్తే వెన్న ముందుకొస్తుంది. లీటరు ఆవు పాలల్లో నీళ్లు పోగా మిగిలేది సుమారు 130 గ్రాములు, ఎనుము పాలల్లో 170. కోవాలో మూడోవంతుకు కాస్త తక్కువ తేమ ఉంటుంది కాబట్టి ఆవు పాల కోవా 180 గ్రాములు, ఎనుము పాలది 240 దాకా వస్తుంది. ఎనుము కోవా తెల్లగా, వెన్నతో మెత్తగా ఉండి పాలకోవాకు, గులాబ్ జామూన్‌కు సరిపోతుంది. ఆవు కోవా కెరోటిన్ వల్ల పసుపుగా, కొంచెం జిగటగా ఉంటుంది.

రసగుల్లా దగ్గర లెక్క తిరగబడుతుంది. పాలు విరిచి తీసిన ముద్ద ఎనుముదైతే గట్టిపడి, పాకాన్ని సరిగా పీల్చుకోదు. ఆవు పాలు విరిచిన ముద్ద మెత్తగా ఉండి, పాకంలో ఉబ్బి స్పంజిలా తయారవుతుంది. పెరుగుకు మంచిదైన ఆ చిక్కటి వలే ఇక్కడ అడ్డం.