బీరువా తాళాలు ఎవరు తీశారు?

బ్యాంకులో పనిచేసే ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "అమ్మకు అల్జైమర్స్ అని తేలింది. నేను ఆఫీసుకు బయలుదేరే వేళకు బీరువా తాళాలు నేనే కాజేశానని గొడవకు దిగుతుంది. వెతికి తెచ్చి చేతిలో పెట్టినా, 'ఇప్పుడు తెచ్చి పెట్టావు' అంటుంది. రోజూ బస్సులో అరగంట చదువుకోగలను. నాకు పనికొచ్చే పుస్తకం ఏదైనా ఉందా?"

ఉంది. అల్జైమర్స్ లాంటి జబ్బుల వల్ల మతి క్షీణించడాన్ని డిమెన్షియా అంటారు. డిమెన్షియా అంటే ఏమిటి, ఎన్ని దశలు అనే పాఠంతో మొదలయ్యే పుస్తకాలు చాలానే ఉన్నాయి కానీ, ఈ తాళాల గొడవకు అవి జవాబు చెప్పవు. ముందుగా చదవమని నేను చెప్పేది డాషా కైపర్ 2023లో ప్రచురించిన 'ట్రావెలర్స్ టు అన్‌ఇమాజినబుల్ ల్యాండ్స్'. రోగి మెదడుతో పాటు, సేవ చేసే మనిషి ఆరోగ్యకరమైన మెదడు ఎందుకు పదేపదే తప్పటడుగు వేస్తుందో అందులో వివరించారు. కైపర్ తన పాతికేళ్ల వయసులో, డిమెన్షియా ఉన్న తొంభై ఎనిమిదేళ్ల వృద్ధుడికి తోడుగా ఒక ఏడాది ఆయన ఇంట్లోనే ఉన్నారు. జబ్బు గురించి చదువుకుని వెళ్లిన మనిషి అయినా, ఆయనతో వాదించకుండా ఉండలేకపోయానని రాశారు.

ఎందుకు వాదిస్తాం? నాకు ఎంతో ఇష్టమైన ఒక ప్రయోగం దగ్గర మొదలుపెడతాను. తీవ్రమైన మూర్ఛకు చికిత్సగా కొందరికి మెదడు రెండు అర్ధభాగాలనూ కలిపే నరాల కట్టను కోసేవారు. అలాంటి ఒక వ్యక్తిని 1970లలో మెదడు శాస్త్రవేత్తలు మైకేల్ గజానిగా, జోసెఫ్ లెడూ పరీక్షించారు. మాట్లాడగలిగే ఎడమ మెదడుకు కోడి కాలి బొమ్మ, మాట రాని కుడి మెదడుకు మంచు కప్పిన ఇంటి బొమ్మ చూపించారు. కుడి చేతిని ఎడమ మెదడు, ఎడమ చేతిని కుడి మెదడు నడుపుతాయి. చూసినదానికి సరిపోయే బొమ్మను ఎంచుకోమంటే, అతని కుడి చెయ్యి కోడిని, ఎడమ చెయ్యి మంచు ఎత్తిపోసే పారను చూపించాయి. పార ఎందుకని అడిగారు. ఎడమ మెదడుకు మంచు సంగతి తెలియదు. అయినా తడుముకోకుండా, "కోళ్ల షెడ్డు శుభ్రం చేయాలంటే పార కావాలి కదా" అన్నాడు. అతను అబద్ధమాడలేదు. తెలియని చోట మెదడు ఒక కథ అల్లింది, దాన్ని తానే నమ్మింది. గజానిగా దీనికి 'ఇంటర్‌ప్రెటర్' అని పేరు పెట్టారు. ఈ కథలల్లే యంత్రం మనందరిలోనూ రోజంతా పనిచేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు తాళాల దగ్గరకు వద్దాం. వస్తువులు పోతున్నాయన్న భయంతో తల్లి తాళాలను తానే బియ్యం డబ్బాలో దాచిందనుకుందాం. కొత్త జ్ఞాపకాన్ని నమోదు చేసే హిప్పోకాంపస్ అల్జైమర్స్‌లో ముందుగా దెబ్బతినే భాగాలలో ఒకటి. అందుకే దాచిన సంగతి అసలు నమోదే కాలేదు. చెరిగిపోవడానికైనా అక్కడ ఏమీ లేదు. కళ్లకు కనిపిస్తున్నది మాత్రం తాళాలు తగిలించే ఖాళీ మేకు. కథలల్లే యంత్రం ఇంకా చెక్కుచెదరలేదు. ఆ గదిలోకి వచ్చేది ఎవరు? కూతురు. కథ పూర్తయింది. దీనికి మరో లోపం తోడవుతుంది. తన మెదడు దెబ్బతిన్నదని ఆ మెదడుకే తెలియకపోవడాన్ని అనోసాగ్నోసియా అంటారు. తన గురించి తనకున్న చిత్రంలో కొత్త మార్పులు చేరవు. జబ్బుకు ముందు ఇల్లంతా నడిపిన మనిషిగానే ఆమె తనను తాను ఎరుగును. "నేను ఎక్కడ పెట్టానో నాకు తెలియదా?" అని ఆమె అడగడం మొండితనం కాదు.

కూతురి మెదడులోనూ అదే యంత్రం ఉంది. ఎదురుగా ఉన్నది అదే ముఖం, అదే గొంతు, మందలించే అదే తీరు. పైగా ఈ తల్లే నిన్న సాయంత్రం చిన్నప్పుడు నేర్చుకున్న పద్యం పొల్లుపోకుండా చెప్పింది. పాత జ్ఞాపకాలు చాలావరకు మెదడు పై పొర అయిన కార్టెక్స్‌లో ఎప్పుడో స్థిరపడినవి కాబట్టి ఎక్కువకాలం నిలుస్తాయి. కూతురి మెదడు మాత్రం వేరే కథ అల్లుతుంది: "కావాలంటే గుర్తుంటుంది. నా మీద ఈమెకు ఎప్పుడూ నమ్మకం లేదు." ఆ కథ నిజమని తోచిన క్షణంలోనే వాదన మొదలవుతుంది. ఇరుగుపొరుగు అల్లే కథలు వేరు. గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టమంటారు. అలా పోగొట్టుకున్న నెలల్లో డాక్టరును చూసి ఉండవచ్చు కదా అని నాకు బాధ కలుగుతుంది.

వాదించి గెలిస్తే ఏమవుతుంది? అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక ఫలితం ప్రచురించారు. అల్జైమర్స్ రోగులకు విషాదకరమైన సినిమా ముక్కలు చూపించారు. కొద్దిసేపటికే వాళ్లు సినిమాలో చాలా భాగం మరిచిపోయారు. దుఃఖం మాత్రం పోలేదు. తక్కువ గుర్తున్నవారిలో అది ఇంకా ఎక్కువసేపు నిలిచింది. ఎనిమిదిన్నరకు జరిగిన గొడవ తొమ్మిదికి తల్లికి గుర్తుండదు. కారణం తెలియని ఆందోళన మాత్రం మిగులుతుంది. అది ఆ పూటంతా చూసుకునే ఆయా మీద పడుతుంది.

అప్పుడు ఏమనాలి? ఇక్కడ పనికొచ్చేది నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ 1981లో మొదటిసారి ప్రచురించిన 'ద 36-అవర్ డే'. మొదటి పేజీ నుంచి చదవాల్సిన పుస్తకం కాదు. వెనక ఉన్న సూచిక చూసి, ఆ రోజు సమస్య ఉన్న పేజీ తెరవాలి. దానిలోని పద్ధతులను ఈ ఇంటికి అన్వయిస్తే ఇలా ఉంటుంది: "నేను తీయలేదమ్మా" అనకుండా "తాళాలు కనిపించకపోతే కంగారే కదమ్మా, పద, ఇద్దరం వెతుకుదాం" అనాలి. మారు తాళాలు చేయించి ఉంచాలి. ఆమె దాచే చోట్లు ఆయాకు రాసివ్వాలి. చెత్తబుట్ట పారబోసే ముందు అందులో చూడాలి. ఇది ప్రతిసారీ పనిచేయదు. రెండు నిమిషాల్లో శాంతించకపోతే మాట మార్చి, ఆయాకు అప్పగించి బయలుదేరడమే మేలు. కానీ గందరగోళం ఒకటి రెండు రోజుల్లో ఒక్కసారిగా పెరిగితే, మగత కమ్మితే అది వేరే విషయం. మూత్రంలో ఇన్ఫెక్షన్, కొత్త మందు, ఒంట్లో నీరు తగ్గడం వంటివి కారణం కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

మనసు సంగతి నిజాయతీగా చెప్పిన పుస్తకం పాలీన్ బాస్ 2011లో రాసిన 'లవింగ్ సమ్‌వన్ హూ హాజ్ డిమెన్షియా'. యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను ఆమె 1970లలో అధ్యయనం చేశారు. మనిషి లేడు, కానీ పోయాడని ఎవరూ చెప్పలేరు. డిమెన్షియాలో ఇది తలకిందులవుతుంది. మనిషి ఎదురుగా ఉంది, మనకు తెలిసిన మనిషి మాత్రం కొంచెం కొంచెంగా వెళ్లిపోతోంది. దినవారాలు ఉండవు, పలకరించడానికి ఎవరూ రారు. అమ్మ ఉంది, అమ్మ లేదు అనే రెండు మాటలనూ ఒకేసారి నిజమని ఒప్పుకోవచ్చంటారు బాస్. "ఇది త్వరగా ముగిసిపోతే బాగుండు" అని మనసులో అనిపించినంత మాత్రాన ప్రేమ లేనట్టు కాదని ఆమె సూటిగా రాశారు. నేను చూసినంతలో మన ఇళ్లలో ఈ మాట పైకి అనగలిగేవారు దాదాపు లేరు.

ఇక అమెరికా నర్సింగ్ హోములు, అక్కడి బీమా గురించిన అధ్యాయాలు దాటేయండి. చట్టం విషయంలో మాత్రం జాగ్రత్త. మనిషికి మతి తప్పిన తర్వాత కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోమని అక్కడి పుస్తకాలు సలహా ఇస్తాయి. మన దేశంలో అది నిలవదు. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన వ్యక్తి మానసిక స్వస్థత కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. ఆ తర్వాత తల్లి పేరున ఉన్న ఇల్లు, డిపాజిట్ల విషయంలో ఏం చేయాలన్నా గార్డియన్‌గా నియమించమని హైకోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. అందుకని జబ్బు తొలి దశలోనే, ఆమె అర్థం చేసుకుని సంతకం చేయగలిగినప్పుడే, ఇద్దరిలో ఎవరైనా లావాదేవీ జరపగలిగే ఉమ్మడి ఖాతా తెరవండి. ఆమె ఇష్టప్రకారం వీలునామా రాయించండి. ఆ రోజు ఆమెకు విషయం అర్థమవుతోందని డాక్టరు రాసిచ్చిన కాగితం దానికి జత చేసి పెట్టుకోండి.