హెడ్‌ఫోను వీపు వెనక ఏం జరుగుతోంది?

ఒక పాఠకుడు అడిగారు: "మిక్సింగ్‌కి ఓపెన్ బ్యాక్ మంచిదంటే అదే కొన్నాను. దాన్నే పెట్టుకుని పాడి రికార్డు చేస్తే గొంతు ట్రాకులో సన్నగా టిక్ టిక్‌మని వినబడుతోంది. మైకు పాడయిందా?"

మైకు భేషుగ్గా ఉంది. అంత సన్నటి చప్పుడు కూడా పట్టేసిందంటే ఇంకా మంచిదే. తంటా అంతా హెడ్‌ఫోను వీపుతోనే.

పాఠ్యపుస్తకాల్లో స్పీకరు బొమ్మ వేసేటప్పుడు పొర ముందు వైపు మాత్రమే తరంగాలు గీస్తారు. వెనక వైపు ఖాళీ. చాలామందికి ఈ విషయం అర్థం కాకపోవడానికి సగం కారణం ఆ బొమ్మే అని నా అనుమానం. పొర చెవి వైపు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. అంటే వెనక కూడా ఇంచుమించు అంతే శబ్దం పుడుతుంది, కాకపోతే తలకిందులుగా. ఆ వెనక శబ్దాన్ని కప్పులో బంధించేది క్లోజ్డ్ బ్యాక్. జల్లెడలాంటి మూతలోంచి బయటికి వదిలేసేది ఓపెన్ బ్యాక్. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డి 414తో ఈ రెండో పద్ధతి మార్కెట్లోకి వచ్చింది. మిగతా తేడాలన్నీ ఇక్కణ్నుంచే పుడతాయి.

ఇప్పుడు ఆ టిక్ టిక్ సంగతి. మైకుకి పదిహేను ఇరవై సెంటీమీటర్ల దూరంలో నిలబడి పాడుతున్నారు. చెవులకు మైకుకు మధ్య దూరం కూడా దాదాపు అడుగే. లెక్క కోసం, మైకు దగ్గర గొంతు 90 డెసిబెల్స్ అనుకుందాం. తాళం తప్పకుండా హెడ్‌ఫోన్లో మోగించే టిక్ టిక్, అంటే క్లిక్, ఓపెన్ బ్యాక్ నుంచి కారి అక్కడికి 55 డెసిబెల్స్‌తో చేరిందనుకుందాం. మధ్యలో 35 డెసిబెల్స్ తేడా ఉంది కదా, ఇంకేం భయం అనిపిస్తుంది. పాడుతున్నంతసేపూ నిజంగానే వినబడదు కూడా.

కానీ గొంతును అలాగే పచ్చిగా వదలరు. కంప్రెసరు పెద్ద శబ్దాలను 10 డెసిబెల్స్ అణిచి, తగ్గిన మేరకు మొత్తాన్ని పైకి లేపుతుంది. గొంతు ఉన్నచోటే ఉంటుంది, పల్లవికీ చరణానికీ మధ్య నిశ్శబ్దంలో ఉన్న క్లిక్ మాత్రం 10 డెసిబెల్స్ ఎక్కుతుంది. తేడా 25కి పడిపోయింది. గొంతుకు మెరుపు రావాలని పై స్థాయిల్లో 4 డెసిబెల్స్ పెంచారు. క్లిక్ బలమంతా ఉండేది సరిగ్గా అక్కడే, అదీ పెరిగింది. ఆపైన రివర్బ్ వేశారు, ప్రతి టిక్కుకీ ఒక తోక మొలిచింది. క్లోజ్డ్ బ్యాక్‌తో ఆ 55 స్థానంలో 35 వచ్చి ఉంటే, ఇవన్నీ చేశాక కూడా గది చప్పుడులో కలిసిపోయేది.

చిన్న చప్పుళ్లను మూసేసే గేట్ పెట్టి కోసేయొచ్చంటారు. పదాల మధ్య కోయొచ్చు, పదం కిందున్న దాన్ని ఏ గేటూ కోయదు. ఊపిరి సవ్వడిని కూడా కోసుకుపోతుంది. క్లిక్ ఒక్కటే కాదు, పాడేవాళ్లకి వినిపించిన తీగవాద్యమో పియానోనో కూడా గొంతులోకి కారి ఉంటుంది. తర్వాత ఆ స్వరాలు మారిస్తే పాతవి గొంతు వెనక దయ్యంలా మిగిలిపోతాయి. శ్రుతి సవరిస్తే గొంతుతోపాటు అవీ జరుగుతాయి, అప్పుడు అసలు పియానోకీ దానికీ పొసగదు. అందుకే అసలు టేకుకి ముందు, పాడేవారిని మైకు ముందే నిలబెట్టి, హెడ్‌ఫోన్లో పాట మోగిస్తూ, నోరు మెదపకుండా పది సెకన్లు రికార్డు చేయండి. దాన్ని సోలోలో పెట్టి, 15 డెసిబెల్స్ పెంచి వినండి. పాట పోల్చుకోగలిగితే హెడ్‌ఫోను మార్చాలి, లేదా దాని వాల్యూమ్ తగ్గించాలి.

అయితే క్లోజ్డ్ బ్యాక్ పెట్టుకుని పాడటం గాయకులకు అంత హాయిగా ఉండదు. రెండు చెవులూ వేళ్లతో మూసుకుని "మ్..." అనండి. తల లోపల గుమ్మని మోగుతుంది. ఎముకల ద్వారా వచ్చే మీ గొంతు చెవి గొట్టం గోడలను కదిలిస్తుంది. చెవి తెరిచి ఉంటే ఆ మంద్రం బయటికి పోతుంది, మూస్తే లోపలే ఆగిపోతుంది. పెద్ద కప్పులతో ఈ గుమ్మనడం వేళ్లతో ఉన్నంత ఉండదు, కానీ ఉంటుంది.

దీనికి తోడు మైకు నుంచి కంప్యూటరు గుండా తిరిగొచ్చే గొంతు ఒకటి ఉంది. అది 5 మిల్లీసెకన్లు ఆలస్యమైతే 100, 300, 500 హెర్ట్జ్‌ల దగ్గర ఎముకల గొంతుకి ఎదురు తిరుగుతుంది. రెండూ బలంలో దగ్గరగా ఉన్నచోట ఒకదాన్నొకటి తినేస్తాయి, గొంతు డొల్లగా వినిపిస్తుంది. పాడేవారు "నా వాయిస్ పెంచండి" అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే చాలాసార్లు జబ్బు ఇదే, పెంచితే తగ్గదు. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ పెట్టండి, గొంతు కంప్యూటరు చుట్టి రాకుండా నేరుగా చెవికి చేరుతుంది. అప్పటికీ పలచగా ఉంటే, వినిపించే గొంతుకి పొలారిటీ తిప్పి, అంటే తరంగాన్ని తలకిందులు చేసి చూడండి. రెంటిలో ఏది నిండుగా ఉందో పాడేవారే చెప్పేస్తారు.

ఇంకొందరు ఒక చెవి మీది కప్పు పక్కకి లాగేసి పాడతారు. అలవాటుగా మంచిదే, తమ గొంతు మామూలుగా వినబడుతుంది. కానీ వేలాడే ఆ కప్పు ఓపెన్ బ్యాక్ కంటే ఎక్కువ కారుస్తుంది, ఎందుకంటే ఇప్పుడు పొర ముందు వైపే బయటికి తెరుచుకుంది. ఆ వైపు శబ్దాన్ని పూర్తిగా ఆపేసి, పాటంతా రెండో చెవికి పంపాలి.

మిక్సింగుకి వచ్చేసరికి మైకు ఉండదు, కాబట్టి కారితే నష్టం లేదు. ఇప్పుడు బంధించడమే తప్పవుతుంది. కప్పులో చిక్కిన వెనక శబ్దం గోడలకి కొట్టుకుని, పల్చటి పొరలోంచి దూరి చెవికి చేరుతుంది. కప్పు అడ్డం 7 సెంటీమీటర్లుంటే, అందులో అర తరంగం సరిగ్గా పట్టే స్థాయి దాదాపు 2,400 హెర్ట్జ్. గొంతులో హల్లుల స్పష్టత ఉండేది ఆ చుట్టుపక్కలే. లోపల స్పాంజి కూరి తయారీదారులు దీన్ని చాలావరకు తగ్గిస్తారు. సరిగా తగ్గనిచోట కప్పు మోతను గొంతులోని కరుకుదనం అనుకుని మీరు అక్కడ కోస్తారు, తీరా స్పీకర్లో వింటే గొంతుకి దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

రెండో చిక్కు బేస్. క్లోజ్డ్ బ్యాక్ బేస్ ప్యాడ్ తలకి ఎంత గట్టిగా అతుక్కుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. కళ్లద్దాల కాడ చేసే చిన్న సందు చాలు, బేస్ జారిపోవడానికి. అద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి వింటే తెలిసిపోతుంది. కొత్త హెడ్‌ఫోన్లను వంద గంటలు ఊరికే మోగిస్తే "విచ్చుకుంటాయి" అనే మూఢనమ్మకం ఒకటుంది. నిజంగా మారేవి ఎక్కువగా రెండే: మన చెవి అలవాటు, మెత్తబడి తలకి ఒదిగే ప్యాడ్. రెండోదానికి మోగించక్కర్లేదు, పెట్టుకుంటే చాలు.

ఓపెన్ బ్యాక్ పొర వెనక కప్పు మోత లేదు, అందుకే గొంతు, గిటార్ వంటివాటి మీద దాని తీర్పును నేను ఎక్కువ నమ్ముతాను. అట్టడుగు బేస్‌లో మాత్రం నమ్మను. వెనక తలకిందుల శబ్దం చుట్టు తిరిగొచ్చి ముందు శబ్దాన్ని కొంత రద్దు చేస్తుంది. చాలా ఓపెన్ బ్యాక్‌లలో 40 హెర్ట్జ్ దగ్గర కిక్ డ్రమ్ ఉన్నదానికంటే బక్కగా వినబడుతుంది, దాన్ని చూసి బేస్ పెంచేస్తే బయట స్పీకర్లు అదిరిపోతాయి. ఆ భాగాన్ని స్పెక్ట్రం మీటరులో చూసి, తెలిసిన పాటతో పోల్చుకోవాలి. ఇక ఎడమ శబ్దం ఎడమ చెవికే పోవడం, గొంతు తల మధ్యలో ఉన్నట్టు అనిపించడం ఏ హెడ్‌ఫోనుకైనా తప్పవు.

ఒక్క జతే కొనగలిగితే, ఇంట్లోనే పాడి రికార్డు చేసేవాళ్లు క్లోజ్డ్ తీసుకోవాలని నా సలహా. కప్పు మోతను తెలిసిన పాటలు విని కొంత లెక్కలోకి తీసుకోవచ్చు, గొంతు ట్రాకులో కలిసిపోయిన క్లిక్‌ను మాత్రం శుభ్రంగా తీయడం చాలా కష్టం.