సింద్‌బాద్ రాక్షసులు ఎక్కడివారు?

బాగ్దాద్ నావికుడు సింద్‌బాద్ ఏడు సముద్రయానాల కథ మొదట వెయ్యిన్నొక్క రాత్రుల్లో భాగం కాదు. విడిగా ప్రచారంలో ఉన్న ఆ కథను ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ గలాఁ ముందు అనువదించి, 1704లో మొదలైన తన అరేబియన్ కథల సంపుటాల్లో చేర్చాడు. అబ్బాసీయుల కాలంలో బస్రా, సిరాఫ్ రేవుల నుంచి ఇండియాకు, ఆవలి దీవులకు ఓడలు నడిచేవి. ఆ దారుల్లో సరుకుతోపాటు కథలూ చేతులు మారాయి. ఆ కథల్లోని భూతాలను పరిశీలిస్తే రెండు పాత సంప్రదాయాల ఆనవాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

మూడవ యానంలోని నరభక్షకుడు గ్రీకు వైపు నుంచి వచ్చినవాడని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ రాక్షసుడు ఓడ మనుషులను రోజుకొకరి చొప్పున ఇనుప చువ్వకు గుచ్చి కాల్చుకు తింటాడు. మిగిలినవారు అవే చువ్వలను ఎర్రగా కాల్చి, నిద్రలో ఉన్న వాడి కళ్లలో పొడిచి, తెప్పలెక్కి పారిపోతుంటే ఒడ్డు నుంచి బండరాళ్లు వచ్చి పడతాయి. హోమర్ ఒడిస్సీ తొమ్మిదవ సర్గలో ఒంటికన్ను పాలిఫీమస్ కథ నడిచేదీ ఇదే వరుసలో. అయితే అక్కడి ఒంటికన్ను ఇక్కడ రెండు కళ్లయింది, మద్యం తాగించడం, గొర్రెల పొట్టల కింద దాగి బయటపడడం పూర్తిగా పోయాయి. గుడ్డివాడైన రాక్షసుడి కథ అనేక జాతుల్లో ఉంది కనుక, అరబ్బు కథకుడు హోమర్‌నే చదివాడని దీన్నిబట్టి తేల్చలేం. నోటిమాటగా అందిందనుకోవడమే సమంజసం.

రెండవ యానంలోని రుఖ్ పక్షిని చూడగానే తెలుగు పాఠకుడికి నన్నయ ఆదిపర్వంలోని గరుడుడు గుర్తుకు రాకమానడు. కశ్యపుడి మాటపై గజకచ్ఛపాలను గోళ్లతో ఎత్తుకుపోయి తిన్న గరుడుడి బలమే, పిల్లలకు ఏనుగులను మేతగా తెచ్చే రుఖ్‌లో కనిపిస్తుంది. ఏనుగుకన్నా బలమైన సాక్ష్యం పాము. తలపాగాతో రుఖ్ కాలికి తనను కట్టుకున్న సింద్‌బాద్ దిగిన చోటు పాముల లోయ. అతడు కట్లు విప్పుకోగానే పక్షి ఒక మహాసర్పాన్ని తన్నుకుపోతుంది. ఆ లోయ పాములు పక్షుల భయంతో పగలంతా దాక్కుని రాత్రి మాత్రమే బయటికి వస్తాయి. అంటే గరుడుడి దైవత్వాన్ని, తల్లి దాస్య విముక్తి కథను వదిలేసిన కథకుడు, నాగులతో అతడికున్న వైరాన్ని మాత్రం చెక్కుచెదరకుండా నిలుపుకున్నాడు.

అదే లోయలో వజ్రాలున్నాయి. వర్తకులు పైనుంచి మాంసం ముక్కలు విసిరితే, వాటికి అంటుకున్న వజ్రాలు గద్దలతోపాటు పైకి వస్తాయి. ఈ ఉపాయం గరుడ కథది కాదు. నాలుగవ శతాబ్దంలో సైప్రస్ బిషప్ ఎపిఫేనియస్ గ్రీకులో రాసిన రత్నాల గ్రంథంలో ఇది సిథియా దేశపు లోయ గురించిన కథగా ఉంది. పదమూడవ శతాబ్దం చివరలో మార్కో పోలో దీన్నే పాములతో సహా మోటుపల్లి రాజ్యానికి, అంటే కాకతీయుల సీమకు ఆపాదించాడు.