ఫోటోలోని టీవీ తెర మీద బొమ్మ మార్చడం: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ డిజైనర్ దగ్గర కూర్చున్నా ఈ పని కనిపిస్తుంది. షాపు వాళ్లు గోడకు తగిలించిన టీవీ ఫోటో ఒకటి పంపిస్తారు. "అండ్ల రామప్ప గుడి పెట్టు, రేపటికి ఫ్లెక్సీ కావాలె" అంటారు. పెట్టడం రెండు నిమిషాల పనే. కానీ పెట్టిన బొమ్మ తెరలో వెలుగుతున్నట్టు కాకుండా, తెర మీద స్టిక్కర్ అంటించినట్టు కనిపిస్తుంది. ఎందుకో అర్థం కావాలంటే ఒక్క ఫోటోనే పట్టుకుని చూద్దాం.

షాపులో 43 అంగుళాల టీవీ ఉంది, ఆపేసి ఉంది. మూడు మీటర్ల దూరంలో, ఎడమ పక్కగా నిలబడి ఫోటో తీశారు. ఫోటో సైజు 6000×4000 పిక్సెళ్లు. అందులో తెర ఎడమ అంచు ఎత్తు 1300, కుడి అంచు 1050, వెడల్పు 1500 పిక్సెళ్లు. తెర పై ఎడమ మూలలో ట్యూబులైటు వెలుగు ఏటవాలు గీతలా పడి, తెర దాటి ఫ్రేము మీదికి కూడా పాకింది. రామప్ప ఫోటో కూడా 6000×4000 సైజే. పని ఫోటోషాప్‌లో.

అపోహ: "నాలుగు మూలలు గుంజితే అయిపాయె."

మూలలు గుంజాల్సిందే, కానీ దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. గుడి ఫోటో 3:2 నిష్పత్తిలో ఉంది, టీవీ తెర 16:9. అట్లాగే గుంజితే 4000 ఎత్తులో ఉండాల్సిన గుడి 3375లో ఇరుక్కుంటుంది. అంటే ఎత్తు దాదాపు 16 శాతం తగ్గి, నెత్తిన ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టు కనిపిస్తుంది.

ఇంకో తప్పు ఇంతకన్నా ఎక్కువ జరుగుతుంది. ఫోటోలో తెర వెడల్పు 1500, ఎత్తు సగటున 1175 ఉంది కదా అని, గుడి ఫోటోను కూడా ఆ ఆకారానికే కట్ చేస్తారు. లెక్క సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ అక్కడే దెబ్బ పడుతుంది. పక్క నుంచి చూస్తున్నాం కాబట్టి తెర సన్నగా కనిపిస్తోంది గానీ, అది ఎప్పటికీ 16:9 తెరే. చూసేవాళ్ల కన్ను ఆ వాలును తనంతట తానే సరిదిద్దుకుంటుంది. దాంతో గుడి స్తంభాలు ఉండాల్సిన దానికన్నా దాదాపు 40 శాతం లావుగా తోస్తాయి. తప్పెక్కడుందో చెప్పలేరు గానీ, ఏదో తేడాగా ఉందని అంటారు.

కాబట్టి ముందు Crop టూల్‌లో 16:9 పెట్టి గుడి ఫోటోను 6000×3375కి కోయాలి. తర్వాత దాన్ని టీవీ ఫోటో మీదికి లాగి తెచ్చుకుని, ఆ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి Convert to Smart Object. అప్పుడు Ctrl+T కొట్టి, Ctrl నొక్కిపెట్టి ఒక్కో మూలనూ లాగి తెర మూలకు చేర్చాలి. కుడి వైపు ఎంత సన్నబడాలన్నది ఫోటోషాపే చూసుకుంటుంది. రేపు షాపాయన "రామప్ప వద్దు, వేయి స్తంభాల గుడి పెట్టు" అంటే స్మార్ట్ ఆబ్జెక్ట్‌ను డబుల్ క్లిక్ చేసి లోపల బొమ్మ మార్చి సేవ్ చేస్తే చాలు, మూలలు మళ్లీ ముట్టాల్సిన పని లేదు.

మూలలు కుదిరినా మధ్యలో అంచు ఫ్రేము నుంచి ఉబ్బినట్టో లోతుకు పోయినట్టో ఉంటే తప్పు మీ చేతిది కాదు, లెన్సుది. ఫోన్ వైడ్ కెమెరాతో తీసిన ఫోటోల్లో ఇది మామూలే. అసలు ఫోటోకు ముందుగా Lens Correction చేసుకుని, అప్పుడు మూలలు పట్టాలి.

అపోహ: "టీవీ ఆన్ చేసి తీస్తేనే మంచిగొస్తది."

సరిగ్గా ఉల్టా. ఈ పనికి ఆపేసిన నల్ల తెరే కావాలి. తెర నల్లగా ఉంటే గది వెలుగు దాని మీద ఎట్లా పడిందో మొత్తం అందులో రికార్డవుతుంది. ఏదో చానల్ నడుస్తున్నప్పుడో, నీలం రంగు సిగ్నల్ తెర ఉన్నప్పుడో తీస్తే ఆ బొమ్మా, గది ప్రతిబింబమూ కలిసిపోతాయి. తర్వాత వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. పైగా వెలుగుతున్న తెరలోని పిక్సెళ్ల గళ్లు, కెమెరా సెన్సార్ గళ్లతో కలబడి అలల్లాంటి చారలు పుట్టిస్తాయి.

నల్ల తెర ఉంటే ఎక్కువ భాగం పని ఒక్క మెనూతో తీరిపోతుంది. గుడి లేయర్ బ్లెండ్ మోడ్‌ను Normal నుంచి Screen కు మార్చండి. ఇప్పుడు కింద ఉన్న ప్రతిబింబం, పైన ఉన్న బొమ్మ వెలుగు ఒకదానికొకటి కలుస్తాయి. నలుపు 0, తెలుపు 255 అయితే, a కింది ఫోటో విలువ, b పై బొమ్మ విలువ. అది చేసే లెక్క ఇదే:

```
255 - (255 - a) × (255 - b) / 255
```

మన ఫోటోలో ఆపిన తెర విలువ చాలాచోట్ల 20 ఉందనుకోండి. గుడి నీడలో 0 ఉన్న చోట ఫలితం 20 వస్తుంది, 128 ఉన్న చోట 138. ట్యూబులైటు గీత 200 అనుకుంటే, అది పడ్డ చోట 128 ఉన్న రాయి 228 అవుతుంది. అంటే గీత ఎక్కడికీ పోదు, గుడి మీదుగా సాగి, ఫ్రేము మీది వెలుగుతో అతుకు తెలియకుండా కలుస్తుంది. Normal మోడ్‌లో వదిలేసిన ఫోటోలో చూడండి, ఫ్రేము మీద మెరుపు ఉంటుంది, పక్కనే తెర అంచు దగ్గర టక్కున తెగిపోతుంది. నకిలీ పట్టుబడేది ఎక్కువగా ఇక్కడే.

ఇందులోనే ఇంకో లాభం ఉంది. వెలుతురున్న గదిలో ఏ తెర మీదా నలుపు 0 దాకా దిగదు. Screen మోడ్ ఆ నలుపును కూడా 20కి లేపి పెడుతుంది.

గీత మరీ కళ్లకు కొడుతుంటే కింది ఫోటోలో తెర భాగాన్ని సెలెక్ట్ చేసి Curves తో కొంచెం దించొచ్చు. పూర్తిగా తుడిచేయకండి. అన్నట్టు, నల్ల తెర అద్దం లాంటిది. ఎదురుగా నిలబడి తీస్తే తీసినాయన అంగీ, చేతిలో ఫోను కూడా గుడి మధ్యలో తేలుతాయి. పక్క నుంచి తీయమని చెప్పేది అందుకే.

అపోహ: "బొమ్మ ఎంత క్లియర్ గుంటే అంత అసలుగ కనిపిస్తది."

6000 పిక్సెళ్ల గుడిని 1500లోకి కుదించాం కాబట్టి అది చుట్టూ ఉన్న షాపు కన్నా పదునుగా తేలుతుంది, దాని గ్రెయిన్ కూడా పోతుంది. ఎంత మెత్తబరచాలో టీవీ ఫ్రేమే చెబుతుంది. బాగా జూమ్ చేసి, ఫ్రేము నలుపు నుంచి గోడ రంగుకు మారడానికి ఎన్ని పిక్సెళ్లు పట్టిందో లెక్కపెట్టండి. రెండు మూడు అయితే Gaussian Blur 0.8 నుంచి 1.2 మధ్య సరిపోతుంది. తర్వాత Add Noise ఒకటి రెండు శాతం, Monochromatic టిక్ పెట్టి. లేయర్ స్మార్ట్ ఆబ్జెక్ట్ కాబట్టి ఈ అంకెలు తర్వాత మార్చుకోవచ్చు.

రంగు సంగతి చిన్నదే. షాపులో పసుపు బల్బులుంటే కెమెరా ఆ పసుపును తెలుపుగా దిద్దుతుంది. టీవీ తెలుపు 6500 కెల్విన్ దగ్గర ఉంటుంది కాబట్టి అది పక్కనున్న గోడ కన్నా కాస్త నీలంగా పడాలి. Photo Filter లో Cooling Filter 10 శాతం వేస్తే చాలు. తెల్ల ట్యూబులైట్లే ఉంటే ఇది అక్కర్లేదు.

అపోహ: "ఫోనుకైతే తెర మీద పచ్చరంగు పెట్టి తీయాలె."

కదిలే వీడియోకు పచ్చ తెర పనికొస్తుంది. ఫోటోకు మాత్రం తలనొప్పే, ఆ పచ్చ వేళ్ల మీదికి, ఫోను అంచు మీదికి పాకుతుంది. ఫోనుకూ నల్ల తెరే మేలు. తేడా మూలల్లో ఉంది. ఫోను మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి బొమ్మ మూలను ఆ వంపుకు కాదు, రెండు అంచులనూ నేరుగా పొడిగిస్తే అవి కలిసే చోటుకు లాగాలి. ఆ తర్వాత వంపును, తెర మీదికి వచ్చిన బొటనవేలును Pen టూల్‌తో గీసి మాస్క్ చేయాలి. వేలి మాస్క్ అంచును కూడా ఒక పిక్సెల్ మెత్తబరచాలి, లేకపోతే వేలు కత్తెరతో కోసి పెట్టినట్టుంటుంది.